గోడలో దాగిన వైరుకు రెండో బిల్లు

ఇల్లు కట్టించుకునేవాళ్లకు ఎలక్ట్రికల్ బిల్లు మీద ఉన్నంత అనుమానం మరే బిల్లు మీదా ఉండదు. టైల్స్ కంటికి కనిపిస్తాయి, తలుపులు లెక్కపెట్టుకోవచ్చు. వైరు అలా కాదు. అది పైపులోకి పోతుంది, పైపు గోడలోకి పోతుంది, గోడ మీద ప్లాస్టరింగూ రంగూ పడ్డాక లోపల ఎన్ని కాయిల్స్ ఉన్నాయో ఓనర్‌కు తెలిసే దారి ఉండదు. అలాంటి పనికి బిల్లిచ్చి, డబ్బు తీసుకుని, గృహప్రవేశం భోజనం కూడా చేసి వచ్చిన కాంట్రాక్టర్ మూడు నెలల తర్వాత ఫోన్ చేసి, ‘మెటీరియల్ కింద మీకు తక్కువ వేశాం, ఇంకా రావాలి’ అంటే ఓనర్‌కు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ మాట చెప్పడానికి కాంట్రాక్టర్‌కు ఎంత మొహమాటంగా ఉంటుందో కూడా.

అందుకే చాలామంది చెప్పరు. కొందరు నష్టం భరించి ఊరుకుంటారు. కొందరు అదే ఓనర్ తర్వాత చేయించుకునే పనిలో ఎక్కడో కలిపేస్తారు. మొదటిది వాళ్ల ఇష్టం. రెండోది మాత్రం తప్పుడు లెక్క, అందులో సందేహం లేదు. నిజంగా రావాల్సిన డబ్బయితే అడగడానికి చట్టంలో ఒక కాగితం ఉంది. దాన్ని వ్యాపారంలో సప్లిమెంటరీ ఇన్‌వాయిస్ అంటారు, జీఎస్టీ చట్టం డెబిట్ నోట్ అంటుంది. డెబిట్ నోట్ అంటే సప్లిమెంటరీ ఇన్‌వాయిస్ కూడా అని 34వ సెక్షన్‌లోనే వివరణ ఇచ్చారు కాబట్టి ఏ పేరు పెట్టినా పని ఒకటే.

విషయం తేలిగ్గా తెలియడానికి ఒక లెక్క వేసుకుందాం. విజయవాడలో జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఒక చిన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ రెండంతస్తుల ఇంటికి వైరింగ్ చేశాడనుకోండి. ఒప్పందం ప్రకారం లేబర్ పాయింట్ లెక్కన, మెటీరియల్ వాడినంత, రేట్లు కొటేషన్‌లో రాసుకున్నవి. పని మధ్యలో ఓనర్ మూడు ఏసీ పాయింట్లు, ఆరు పవర్ పాయింట్లు అదనంగా కావాలన్నారు. వంటింట్లో రెండు, గీజర్లకు మూడు, వాషింగ్ మెషీన్‌కు ఒకటి. పని పూర్తయింది. 2025 ఆగస్టు 18న 47వ నంబరు ఇన్‌వాయిస్ వెళ్లింది, డబ్బు వచ్చింది. నవంబరులో అకౌంటెంట్ డీలర్ బిల్లులు పక్కన పెట్టుకుని సరిచూస్తే తేడా బయటపడింది. లేబర్ గోడల మీది పాయింట్లు లెక్కపెట్టి వేశారు కాబట్టి అందులో కొత్త తొమ్మిదీ ఉన్నాయి. మెటీరియల్ మాత్రం పాత ఎస్టిమేట్ చూసి టైప్ చేశారు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు 14 కాయిల్స్ వాడితే 9 వేశారు. 4 స్క్వేర్ ఎంఎం వైరు 4 కాయిల్స్ వాడితే 2 వేశారు.

ఈ తప్పు ఇలా జరగడం మామూలే. ఎస్టిమేట్ ఫైలును కాపీ చేసి, తారీఖు మార్చి, దాన్నే ఇన్‌వాయిస్‌గా పంపే అలవాటు ఈ లైనులో బాగా ఉంది.

ఫోన్ తీసేముందు కాంట్రాక్టర్ చూసుకోవాల్సింది తన ఒప్పందాన్ని. ‘మెటీరియల్‌తో కలిపి చదరపు అడుగుకు ఇంత’ అని మాట్లాడుకుని ఉంటే ఎన్ని కాయిల్స్ పట్టాయన్నది ఓనర్‌కు సంబంధం లేని విషయం. అంచనా తప్పితే ఆ నష్టం కాంట్రాక్టర్‌దే. కాయిల్స్ తక్కువ పట్టి ఉంటే ఆ లాభం వెనక్కి ఇచ్చేవాడా? ఇవ్వడు కదా. అలాంటి ఒప్పందంలో అదనంగా అడగగలిగింది ఓనర్ మధ్యలో చెప్పిన అదనపు పనికి మాత్రమే, అదీ దానికి వేరే రేటు అనుకుని ఉంటేనే గట్టిగా నిలుస్తుంది. ‘మెటీరియల్ వాడినంత, ఈ రేట్ల ప్రకారం’ అని ఉంటే పరిస్థితి వేరు. అప్పుడు మొదటి బిల్లు అసంపూర్తి బిల్లు. రెండో కాగితం దాన్ని పూర్తి చేస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. మన ఉదాహరణ ఈ రెండో రకం.

ఒకటి గుర్తుంచుకోవాలి. ‘ఇంతటితో అన్ని లెక్కలూ పూర్తి, ఇక ఏ బాకీ లేదు’ అని కాంట్రాక్టర్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేసి ఉంటే, ఆ తర్వాత లెక్క తిరగదోడడం చాలా కష్టం. మర్యాదగా అడిగి చూడవచ్చు గానీ హక్కుగా అడగలేడు.

తర్వాతి ప్రశ్న, ఆ వైరు నిజంగా ఆ ఇంట్లోకే వెళ్లిందా? డీలర్ బిల్లులో 14 కాయిల్స్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒకేసారి రెండు సైట్లకు సరుకు తెచ్చుకునే కాంట్రాక్టర్లే ఎక్కువ. బిల్లు ఒకటే ఉంటుంది, సరుకు రెండు ఇళ్లకు పోతుంది. కాబట్టి డెలివరీ చలానాలో ఏ అడ్రసు ఉంది, ఏ తేదీన దిగింది, సైట్‌లో ఎవరు సంతకం పెట్టారు అనేవి చూడాలి. ప్లాస్టరింగ్‌కు ముందు పైపుల ఫోటోలు తీసి ఉంటే మరీ మంచిది.

కాగితాలు లేకపోయినా, ఉన్నా, వైరును పొడవుతో సరిచూసే ఒక పద్ధతి ఉంది. ఇది ఓనర్ కూడా టేపు పట్టుకుని చేయగలడు. మన దగ్గర ఇంటి వైరు కాయిల్ సాధారణంగా 90 మీటర్లు. ప్రతి ఏసీకి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా లైను వేస్తారు. అందులో ఫేజ్, న్యూట్రల్ రెండూ 4 స్క్వేర్ ఎంఎం, ఎర్త్ 2.5 వేశారనుకుందాం. బోర్డు నుంచి ఏసీ వరకు, గోడ ఎక్కి దిగే పొడవు కలుపుకుని, సగటున 25 మీటర్లు. మూడు ఏసీలకు ఫేజ్ 75 మీటర్లు, న్యూట్రల్ 75 మీటర్లు. ఫేజ్‌కు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు వేయాలి కాబట్టి ఎరుపు కాయిల్ ఒకటి, నలుపు కాయిల్ ఒకటి. మొత్తం రెండు. అదనంగా వాడామన్న 4 స్క్వేర్ ఎంఎం కాయిల్స్ కూడా రెండే. లెక్క కుదిరింది.

2.5 వైరు కూడా చూద్దాం. ఆరు పవర్ పాయింట్లకు తలా 20 మీటర్లు, మూడేసి వైర్లు. అంటే 360 మీటర్లు. ఏసీల ఎర్త్‌కు 75 మీటర్లు. మొత్తం 435. అయిదు కాయిల్స్ అంటే 450 మీటర్లు. ఏదైనా రంగులో కొన్ని మీటర్లు తక్కువ పడితే మొదటి కాయిల్స్‌లో మిగిలిన ముక్కలతో సర్దుకుంటారు. ఇక్కడా కుదిరింది. కొలత ఇలా కుదిరితే ఆ తేడా నిజమైనది. ఒకవేళ కొలతకు మూడు కాయిల్సే సరిపోతాయని తేలితే, మిగతా రెండు వేరే సైటుకు పోయి ఉండాలి, లేదా వర్కర్లు వృథా చేసి ఉండాలి. ఆ రెండూ ఓనర్ దగ్గర వసూలు చేసుకునేవి కావు.

ఇక నిజాయితీ అసలు తేలేది ఇంకోచోట. మొదటి బిల్లులో తప్పుందని తెలిశాక తనకు రావాల్సిన తప్పులే వెతికి ఆపేస్తే అది సగం నిజం. ప్రతి లైనూ చూడాలి. మన కాంట్రాక్టర్ చూస్తే, స్విచ్ బాక్సులు 64 అని వేశాడు, గోడలో ఉన్నవి 58. ఆరు బాక్సులు డీలర్‌కు తిరిగి పంపేశారు కూడా. బాక్సు 150 రూపాయల చొప్పున 900, దాని మీద 18 శాతం జీఎస్టీ 162. అంటే 1,062 రూపాయలు ఓనర్‌కు తిరిగి ఇవ్వాలి. ఇది చిన్న మొత్తమే. కానీ నా అభిప్రాయంలో ఆ రెండో బిల్లును ఓనర్ నమ్మేలా చేసేది ఇదే. రెండువైపులా లెక్క చూసినవాడు మాత్రమే తనకు నష్టం కలిగించే లైను చూపిస్తాడు.

రేటు మాటకొస్తే, పాత కొటేషన్ రేటే వేయాలి. 2.5 కాయిల్ 2,600, 4 స్క్వేర్ ఎంఎం కాయిల్ 4,100 అని రాసుకున్నారనుకుందాం. రాగి ధరతో పాటు వైరు ధర పెరుగుతూ ఉంటుంది. ఈ మూడు నెలల్లో డీలర్ దగ్గర కాయిల్‌కు 200 పెరిగి ఉండవచ్చు. ఆ 200 ఈ బిల్లులోకి రాకూడదు. ఆలస్యం చేసింది ఓనర్ కాదు. ఆలస్య రుసుము, వడ్డీ, ‘మళ్లీ లెక్కలు చూసినందుకు చార్జీ’ లాంటివీ రాకూడదు. కొత్త పాయింట్ల లేబర్ మొదటి బిల్లులోనే వచ్చేసింది కాబట్టి అది మళ్లీ వేయకూడదు. ఆ లేబర్ లైను నిజానికి కాంట్రాక్టర్‌కు మంచి సాక్ష్యం. తొమ్మిది పాయింట్ల పనికి ఓనర్ డబ్బిచ్చాడు, ఆ పాయింట్లకు వేసిన వైరుకు ఇవ్వలేదు. ఇంతకంటే తేలిగ్గా అర్థమయ్యే కారణం ఉండదు.

అయిదు కాయిల్స్‌కు 13,000, రెండింటికి 8,200. కలిపి 21,200. సీజీఎస్టీ 9 శాతం 1,908, ఎస్‌జీఎస్టీ 9 శాతం 1,908. మొత్తం 25,016 రూపాయలు. బాక్సుల 1,062 తీసేస్తే ఓనర్ ఇవ్వాల్సింది 23,954.

కాగితం కంటే ముందు ఫోన్ వెళ్లాలి. కారణం మర్యాద ఒక్కటే కాదు. డెబిట్ నోట్ జారీ చేశాక, డబ్బు వచ్చినా రాకపోయినా, ఆ నెల రిటర్న్‌లో చూపించి పన్ను కట్టాలి. ఓనర్ బిల్లులు అడిగి, కొలిచి చూసి, అయిదు కాదు నాలుగే అని నిరూపిస్తే మళ్లీ క్రెడిట్ నోట్ ఇచ్చి సరిచేసుకోవాలి. అంకె ముందే కలిసి తేల్చుకుంటే ఈ తిప్పలు ఉండవు. ఫోన్‌లో చెప్పాల్సింది కూడా పెద్దగా ఏమీ లేదు. ‘సార్, ఆగస్టు బిల్లులో మా లెక్క తప్పింది. మీరు తర్వాత చెప్పిన పాయింట్ల వైరు అందులో వేయలేదు. బాక్సులు ఆరు ఎక్కువ వేశాం. రెండూ సరిచేస్తే ఇరవై నాలుగు వేల లోపు తేడా వస్తోంది. కాగితాలు తీసుకుని ఒకసారి రమ్మంటారా?’ అంతే. ఆ ఫోన్‌లోనే డబ్బు ఎప్పుడిస్తారని అడగకూడదు.

అంకె తేలాక కాగితం. ఇక్కడ కొందరు చేసే పని, కంప్యూటర్‌లో పాత 47వ నంబరు ఇన్‌వాయిస్ తెరిచి, 9ని 14 చేసి, అదే నంబరుతో మళ్లీ పంపడం. ఇది చేయకూడదు. ఒకే నంబరుతో రెండు వేర్వేరు మొత్తాల బిల్లులు తిరుగుతుంటే రేపు ఏది అసలుదో చెప్పడం కష్టం. ‘రివైజ్డ్ ఇన్‌వాయిస్’ అని పేరు పెట్టడమూ సరికాదు. జీఎస్టీలో ఆ పేరు వేరే పనికి ఉంది. రిజిస్ట్రేషన్ వర్తించే తేదీకీ, సర్టిఫికెట్ చేతికొచ్చిన తేదీకీ మధ్య ఇచ్చిన బిల్లులను సరిచేసేదాన్ని అలా అంటారు. ఇక్కడ పాత ఇన్‌వాయిస్ అలాగే ఉండాలి. దాని పక్కన కొత్త నంబరు, కొత్త తారీఖుతో డెబిట్ నోట్ రావాలి. అందులో ఇరువైపుల పేర్లు, చిరునామాలు, కాంట్రాక్టర్ జీఎస్టీ నంబరు, ఏ ఇన్‌వాయిస్‌కు సంబంధించిందో దాని నంబరూ తేదీ, పెరిగిన విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, సంతకం ఉండాలి. నోటు నంబరు పదహారు అక్షరాలు దాటకూడదు.

బాక్సుల 900ని ఈ నోటులోనే మైనస్ చేసి 20,300 మీద పన్ను వేస్తే పోదా అనిపిస్తుంది. పోదు. ఎక్కువ వేసినదాన్ని తగ్గించే కాగితం క్రెడిట్ నోట్, అది విడిగా ఇవ్వాలి. పైగా దానికి గడువుంది. 2025-26 ఆర్థిక సంవత్సరపు బిల్లుకు సంబంధించిన క్రెడిట్ నోట్‌ను, ఆ ఏడాది వార్షిక రిటర్న్ అంతకు ముందే వేయకపోతే, 2026 నవంబరు 30 లోపు రిటర్న్‌లో చూపించాలి. డెబిట్ నోట్‌కు అలాంటి గడువు పెట్టలేదు. అంటే ప్రభుత్వానికి పన్ను పెరిగే కాగితం ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు, తగ్గే కాగితానికే తొందర. ఆలస్యంగా కట్టిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ ఉంటుంది. పన్ను శాఖ దాన్ని ఈ తేడా మీద అడిగితే తప్పు చేసిన కాంట్రాక్టరే కట్టుకోవాలి, ఓనర్ పేరన వేయకూడదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న ఎలక్ట్రీషియన్ అయితే పన్ను గొడవ లేదు. పాత బిల్లు నంబరు రాసి మామూలు అదనపు బిల్లు ఇస్తే చాలు, పన్ను మాత్రం వసూలు చేయకూడదు.

కట్టించుకునేవారు వ్యాపారులా, గృహస్థులా అన్నది కూడా చూడాలి. ఆఫీసు కోసం సామాను కొన్న కంపెనీకైతే, చట్టం అనుమతించిన చోట ఆ పన్ను క్రెడిట్‌గా తిరిగి వస్తుంది, నోటు వివరాలు వాళ్ల జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తాయి. ఇంటి ఓనర్‌కు ఆ 3,816 పూర్తిగా జేబులోంచి పోయే డబ్బే. ‘జీఎస్టీ ఎలాగూ తిరిగొస్తుంది కదా సార్’ అని ఇంటి ఓనర్‌తో అంటే ఆయనకు కోపం రావడం న్యాయమే.

నోటుతో పాటు పంపే ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

‘గౌరవనీయులైన సార్ గారికి, నమస్కారం.

ఆగస్టు 18న మీకు ఇచ్చిన 47వ నంబరు ఇన్‌వాయిస్‌లో మెటీరియల్ లెక్క మా వైపు తప్పింది. మీరు పని మధ్యలో చెప్పిన మూడు ఏసీ పాయింట్లు, ఆరు పవర్ పాయింట్ల లేబర్ అందులో వేశాం గానీ వాటికి వాడిన వైరు వేయలేదు. పాత ఎస్టిమేట్ చూసి బిల్లు తయారు చేయడం వల్ల ఇలా జరిగింది.

వేయనివి: 2.5 స్క్వేర్ ఎంఎం వైరు 5 కాయిల్స్, 4 స్క్వేర్ ఎంఎం వైరు 2 కాయిల్స్. రేట్లు మన కొటేషన్‌లోవే. జీఎస్టీతో కలిపి 25,016 రూపాయలు. ఇదే బిల్లులో స్విచ్ బాక్సులు 6 ఎక్కువ వేశాం. దానికి 1,062 రూపాయల క్రెడిట్ నోట్ జత చేశాం. తేడా 23,954 రూపాయలు.

డీలర్ బిల్లులు, డెలివరీ చలానాల కాపీలు, ఏ పాయింట్‌కు ఎంత వైరు పట్టిందో కొలతల కాగితం కూడా పంపుతున్నాం. మీరు కొలిచి చూసుకోవాలంటే మా మనిషి వచ్చి చూపిస్తాడు. బిల్లులో మిగతా లైన్లన్నీ సరిచూశాం, అవి సరిగ్గానే ఉన్నాయి.

ఇది మీరు ముందుగా అనుకోని ఖర్చని మాకు తెలుసు. మీకు వీలైనట్టు రెండు మూడు విడతల్లో ఇచ్చినా ఇబ్బంది లేదు. మా తప్పు వల్ల కలిగిన అసౌకర్యానికి మన్నించండి.’

ఈ ఉత్తరంలో క్షమాపణ ఒక్కసారే ఉంది, చివర ఉంది. నాలుగుసార్లు మన్నించమంటే చదివేవారికి ఏదో దాస్తున్నారనే అనుమానం వస్తుంది. తప్పు ఎవరిదన్నది మొదటి వాక్యంలోనే తేలింది. ‘మీరు తక్కువ చెల్లించారు’ అని రాస్తే తప్పు ఓనర్ మీదికి పోతుంది, ఆయన చేసింది ఇచ్చిన బిల్లు మొత్తం కట్టడమే. ‘సాఫ్ట్‌వేర్ పొరపాటు’ అని రాయడం అంతకంటే చెడ్డది. ఎస్టిమేట్ చూసి టైప్ చేసింది మనిషి. మిగతా లైన్లన్నీ చూశామన్న వాక్యం మాత్రం తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే వచ్చే నెల మూడో బిల్లు వస్తుందేమోనని ఓనర్ భయపడతాడు. నిజంగా చూడకుండా మాత్రం ఆ వాక్యం రాయకూడదు.

ఇంత చేసినా ఓనర్ కాదనవచ్చు. కొందరు సగం ఇస్తామంటారు. చట్టప్రకారం ఇలాంటి బాకీకి దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. కానీ ఇరవై నాలుగు వేలకు కోర్టు మెట్లెక్కితే వకీలు ఫీజుకే సరిపోతుంది. చలానాలూ కొలతలూ చేతిలో ఉండి, ఓనర్ కొంత తగ్గించమంటే, తగ్గించిన మొత్తానికి నోటు ఇచ్చి అక్కడితో తేల్చుకోవడమే మేలు. చలానాలు లేకుండా, కొలత కుదరకుండా, ‘ఇంత పట్టే ఉంటుంది’ అన్న గుర్తు మీద ఆధారపడి మాత్రం ఈ బిల్లు పంపకండి. అలాంటి బిల్లు అందుకున్న ఓనర్లు డబ్బిచ్చే ముందు మొదటి ఇన్‌వాయిస్ నంబరు, కొటేషన్ రేటు, చలానా మీది చిరునామా చూడండి. ఈ మూడింట్లో ఏదీ చూపించలేకపోతే కట్టాల్సిన పని లేదు.